బ్రేక్ ఈవెన్ పట్టిక: చిన్న తయారీ యూనిట్ లెక్క ఎక్కడ తప్పుతుంది

బ్రేక్ ఈవెన్ సూత్రం ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఉత్పత్తి తగ్గినా తగ్గని స్థిర ఖర్చును ఒక్కో వస్తువు మీద మిగిలే డబ్బుతో భాగిస్తే లాభం, నష్టం రెండూ లేని అమ్మకం ఎంతో తెలుస్తుంది. భాగహారం ఎవరూ తప్పు చెయ్యరు. అందులో వేసే అంకెల్లోనే తప్పు దొర్లుతుంది, అదీ ఎక్కువగా ఉత్పత్తితో పాటు పెరిగీ తగ్గే చర ఖర్చు దగ్గర. అమ్మకం ధర 30 రూపాయలు, చర ఖర్చు 24 అయితే మిగిలేది 6. చర ఖర్చులో ఒక్క రూపాయి తప్పు పడితే 30లో ఒక వంతే కదా అనిపిస్తుంది. కానీ భాగహారంలోకి వెళ్ళేది ఆ 6 కాబట్టి, తప్పు ఆరో వంతు అవుతుంది. అందుకే పట్టిక గీసే ముందు ఆ 24 ఎలా వచ్చిందో చూడాలి.

నోటు పుస్తకాలు తయారు చేసే ఒక చిన్న యూనిట్‌ను తీసుకుందాం. కింది రేట్లన్నీ లెక్క అర్థం కావడానికి అనుకున్నవే. మీ యూనిట్ రేట్లు వేసుకుంటే పద్ధతి ఇదే పనిచేస్తుంది.

ఒక్క పుస్తకానికి ఎంత కాగితం

పుస్తకం 172 పేజీలు, అంటే 86 ఆకులు. ఒక్కో ఆకు 24 × 18 సెంటీమీటర్లు, కాగితం బరువు 54 జీఎస్ఎం. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. ఒక ఆకు వైశాల్యం 0.0432 చదరపు మీటర్లు. 86 ఆకులకు సుమారు 3.715 చదరపు మీటర్లు. దాన్ని 54తో గుణిస్తే దాదాపు 200 గ్రాములు. కాగితం కిలో 75 రూపాయలు అనుకుంటే పుస్తకానికి దాదాపు 15 రూపాయలు. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు.

కానీ పుస్తకంలో ఉండే కాగితం వేరు, పుస్తకం కోసం కొన్న కాగితం వేరు. రీలు అంచులు పోతాయి. గీతల యంత్రం మొదలుపెట్టినప్పుడు మొదటి కొన్ని షీట్లు పాడవుతాయి. పిన్ను కొట్టాక మూడు వైపులా కత్తిరించే ముక్కలు పోతాయి. కొన్నదానిలో 6 శాతం ఇలా పోతుందనుకుంటే, 94 శాతమే పుస్తకంలోకి చేరుతుంది. అప్పుడు 200ను 0.94తో భాగించాలి. వచ్చేది దాదాపు 213 గ్రాములు, ఖర్చు 16 రూపాయలు. 200కి 6 శాతం కలపడం సరైన పద్ధతి కాదు. వేస్టు చిన్నదిగా ఉన్నప్పుడు తేడా కనపడదు కానీ, పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది.

ఆ ఒక్క రూపాయి ఏం చేస్తుందో కాసేపట్లో చూద్దాం. ముందు మిగతా చర ఖర్చులు కూడా వేసుకుందాం.

| ఖర్చు | ఒక్క పుస్తకానికి (రూ.) |
|---|---|
| కాగితం, వేస్టుతో కలిపి | 16.00 |
| అట్ట, దాని ప్రింటింగు | 2.50 |
| పిన్ను తీగ, ఇంకు | 0.40 |
| పీసు రేటు కూలి (మడత, పిన్ను, కటింగ్) | 1.60 |
| కరెంటు, యంత్రాలు వాడుకున్నంత మేరకు | 0.50 |
| ప్యాకింగ్ | 0.60 |
| రవాణా | 0.90 |
| ఏజెంటు కమీషన్, ధరలో 5 శాతం | 1.50 |
| మొత్తం | 24.00 |

అమ్మకం ధర 30 అని వేసేటప్పుడు పన్ను తీసేసిన ధర వెయ్యాలి. కొనేవాడి దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను మీ అమ్మకం కాదు. దాన్ని కూడా కలిపి ధర వేస్తే మిగులు లేనిపోనిదిగా ఉబ్బుతుంది. అలాగే ముడిసరుకు మీద కట్టిన పన్ను తిరిగి సర్దుబాటు అయ్యే చోట దాన్ని ఖర్చులో వెయ్యకూడదు. సర్దుబాటు కాకపోతే అది ఖర్చే.

ఏది స్థిరం, ఏది చరం

ఒక ఖర్చు ఏ వైపు వెళ్ళాలో తేల్చడానికి దాని పేరు చూడకూడదు. వచ్చే నెల ఉత్పత్తి సగానికి పడిపోతే ఈ బిల్లు కూడా సగమవుతుందా అని అడగాలి. కాగితం బిల్లు సగమవుతుంది, అద్దె కాదు. కూలి దగ్గర జాగ్రత్తగా చూడాలి. పుస్తకానికి ఇంత అని ఇచ్చే పీసు రేటు చరం. అదే పని చేసే మనిషికి నెల జీతం ఇస్తుంటే, పని లేని రోజుల్లోనూ ఇవ్వాల్సిందే కాబట్టి అది స్థిరం. రెండూ కూలి అనే ఒకే పద్దులో ఉంటాయి కాబట్టి చాలా పట్టికల్లో రెండూ చర ఖర్చులోకి వెళ్ళిపోతాయి. అప్పుడు అమ్మకం తక్కువగా ఉన్న నెలల్లో నష్టం అసలు కంటే తక్కువగా కనపడుతుంది.

కరెంటు బిల్లు రెండూ కలిసిన ఖర్చు. యంత్రాలు ఆగిపోయినా కనెక్షన్ చార్జీలు, దీపాలు, ఫ్యాన్ల ఖర్చు ఉంటుంది. దీన్ని విడదీయడానికి రెండు నెలల బిల్లులు చాలు, ఒకటి పని తక్కువగా ఉన్న నెల, ఒకటి ఎక్కువగా ఉన్న నెల. 20,000 పుస్తకాలు చేసిన నెలలో బిల్లు 16,000, 36,000 చేసిన నెలలో 24,000 వచ్చిందనుకోండి. 16,000 పుస్తకాలు పెరిగితే బిల్లు 8,000 పెరిగింది, అంటే పుస్తకానికి 50 పైసలు. 20,000 పుస్తకాలకు ఆ లెక్కన 10,000 పోగా, మిగిలిన 6,000 స్థిరం. మధ్యలో కరెంటు రేటు మారినా, కొత్త యంత్రం పెట్టినా ఈ రెండు నెలలను పోల్చకూడదు. ఒకే పరిస్థితిలో ఉన్న నెలలే తీసుకోవాలి.

ఇక నెల స్థిర ఖర్చులు: అద్దె 30,000, నెల జీతాలు 52,000, కరెంటులో స్థిర భాగం 6,000, అప్పు మీద వడ్డీ 12,000, యంత్రాల తరుగుదల 15,000, బీమా, ఫోను, మరమ్మతులు కలిపి 10,000, యజమాని జీతం 25,000. మొత్తం 1,50,000. యజమాని జీతం వెయ్యకుండా ఉంటే బ్రేక్ ఈవెన్ చూడ్డానికి తక్కువగా వస్తుంది. కానీ ఆ సంఖ్య దగ్గర యజమాని నెలంతా ఊరికే పనిచేసినట్టు. అదే పని ఇంకొకరితో చేయిస్తే ఎంత ఇవ్వాలో, అంత వెయ్యడమే న్యాయం.

పట్టిక

ఒక షిఫ్టులో రోజుకు 1,600 పుస్తకాలు, నెలకు 25 పనిదినాలు అనుకుంటే సామర్థ్యం 40,000. పట్టిక సున్నా నుంచి అక్కడిదాకా వెయ్యాలి.

| పుస్తకాలు | అమ్మకం | చర ఖర్చు | స్థిర ఖర్చు | మొత్తం ఖర్చు | లాభం / నష్టం |
|---|---|---|---|---|---|
| 0 | 0 | 0 | 1,50,000 | 1,50,000 | −1,50,000 |
| 10,000 | 3,00,000 | 2,40,000 | 1,50,000 | 3,90,000 | −90,000 |
| 20,000 | 6,00,000 | 4,80,000 | 1,50,000 | 6,30,000 | −30,000 |
| 25,000 | 7,50,000 | 6,00,000 | 1,50,000 | 7,50,000 | 0 |
| 30,000 | 9,00,000 | 7,20,000 | 1,50,000 | 8,70,000 | 30,000 |
| 40,000 | 12,00,000 | 9,60,000 | 1,50,000 | 11,10,000 | 90,000 |

బ్రేక్ ఈవెన్ 25,000 పుస్తకాలు, సామర్థ్యంలో 62.5 శాతం. రోజు లెక్కన చెప్పుకుంటే ఇంకా స్పష్టంగా ఉంటుంది. రోజుకు 1,600 చొప్పున చేసినవన్నీ అమ్ముడైతే పదహారో పనిదినం మధ్యాహ్నం దాటేదాకా యూనిట్ ఖర్చుల కోసమే నడుస్తుంది. ఆ తర్వాతి తొమ్మిది రోజుల చిల్లర పనిలోనే నెల లాభమంతా వస్తుంది. నెలలో నాలుగు రోజులు యంత్రం ఆగితే 6,400 పుస్తకాలు, అంటే 38,400 రూపాయల లాభం పోయినట్టే.

స్ప్రెడ్‌షీట్‌లో వేసేటప్పుడు ధర `B1`లో, పుస్తకానికి చర ఖర్చు `B2`లో, నెల స్థిర ఖర్చు `B3`లో పెట్టండి. ఆరో వరుస నుంచి `A` కాలమ్‌లో పుస్తకాల సంఖ్యలు వేసి, ఈ సూత్రాలను కిందికి లాగండి.

```
B6: =A6*$B$1
C6: =A6*$B$2
D6: =$B$3
E6: =C6+D6
F6: =B6-E6
బ్రేక్ ఈవెన్: =ROUNDUP($B$3/($B$1-$B$2),0)
```

డాలరు గుర్తులు మర్చిపోతే, సూత్రాన్ని కిందికి లాగినప్పుడు అది `B1` బదులు `B2`, `B3` చూడటం మొదలుపెడుతుంది. షీటు ఏ హెచ్చరికా ఇవ్వదు, అంకెలు మాత్రం తప్పుతాయి. పట్టుకోవడానికి రెండు పరీక్షలు చాలు. సున్నా వరుసలో నష్టం స్థిర ఖర్చుకు సరిగ్గా సమానం కావాలి. ఏ రెండు వరుసలు తీసుకున్నా, లాభంలోని తేడాను పుస్తకాల తేడాతో భాగిస్తే 6 రావాలి. పై పట్టికలో 30,000, 40,000 వరుసల మధ్య తేడా 60,000. పది వేలతో భాగిస్తే 6. ఈ పరీక్షలో తేడా వచ్చిన చోటే తప్పు ఉంటుంది.

వేస్టు రూపాయి

ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి తిరిగి వద్దాం. వేస్టు లెక్కలోకి రాకుండా 15 రూపాయలే వేసి ఉంటే, చర ఖర్చు 23, మిగులు 7, బ్రేక్ ఈవెన్ 21,429. నెలలో 22,000 పుస్తకాలు అమ్మిన యజమాని పట్టిక చూసి 4,000 లాభం వచ్చిందనుకుంటాడు. నిజానికి ఆ నెల 18,000 నష్టం. పట్టిక లాభం చూపిస్తూ ఉంటుంది, బ్యాంకు ఖాతా మాత్రం తగ్గుతూ ఉంటుంది. ఎక్కడ పోతోందో తెలియక ముందు మనుషుల మీద అనుమానపడతారు. పోయేది కత్తెర కింద.

వేస్టు 6 నుంచి 10 శాతానికి పెరిగితే? కాగితం రేటు మారలేదు, జీతాలు మారలేదు. 200ను 0.90తో భాగిస్తే 222 గ్రాములు, ఖర్చు 16.67 రూపాయలు. మిగులు 5.33కు పడుతుంది, బ్రేక్ ఈవెన్ 28,125కు పెరుగుతుంది. అంటే నెలకు అదనంగా రెండు రోజుల ఉత్పత్తి కేవలం పోయిన కాగితం కోసమే అమ్మాలి.

దీన్ని కొలవడానికి తూకం ఒక్కటి చాలు. వారం మొదట్లో, చివర్లో రీళ్ళు తూచి, ఆ వారం వాడిన కాగితం ఎన్ని కిలోలో రాసుకోవాలి. అదే వారంలో బయటికి వెళ్ళడానికి పనికొచ్చే పుస్తకాలు ఎన్నో లెక్కపెట్టి 200 గ్రాములతో గుణించాలి. 5,000 మంచి పుస్తకాలకు 1,000 కిలోలు. వాడింది 1,064 కిలోలైతే వేస్టు 6 శాతం, 1,111 అయితే 10 శాతం. పాడైన పుస్తకాలను ఈ లెక్కలో కలపకూడదు. కలిపితే వేస్టు తక్కువగా కనపడుతుంది. తేడా ఒక్కసారిగా పెరిగితే చూడాల్సినవి రెండు: రీలు వెడల్పు మారిందా, కటింగ్ బ్లేడు పదును పోయి పుస్తకాలు మళ్ళీ కత్తిరించాల్సి వస్తోందా. నెమ్మదిగా పెరుగుతుంటే కాగితం జీఎస్ఎం కూడా పరీక్షించాలి. 54 అని కొన్నది 56 తూగితే వేస్టు ఏమీ పెరగకుండానే పుస్తకానికి 7 గ్రాముల పైనే ఎక్కువ పోతుంది.

5 శాతం తగ్గింపు ఎంత ఖరీదు

పెద్ద ఆర్డరు ఇచ్చేవాడు 5 శాతం తగ్గించమంటాడు. 30 రూపాయలు 28.50 అవుతుంది. కమీషన్ ధరలో 5 శాతం కాబట్టి అదీ కాస్త తగ్గి 1.425 అవుతుంది. చర ఖర్చు 23.925, మిగులు 4.575, బ్రేక్ ఈవెన్ 32,787. ధరలో 5 శాతం తగ్గింపుకు అమ్మాల్సిన సంఖ్య 31 శాతం పెరిగింది. తగ్గింపు అందరికీ ఇవ్వాల్సి వస్తే సామర్థ్యంలో 82 శాతం దాకా ఖర్చులకే పోతుంది.

ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి, ఎందుకంటే ఈ పట్టికను పొరపాటుగా చదివి మంచి ఆర్డర్లు వదులుకునే వాళ్ళూ ఉన్నారు. 30,000 అమ్ముతున్న నెలలో స్థిర ఖర్చును పుస్తకానికి పంచితే 5 రూపాయలు. 24తో కలిపి 29. ఎవరైనా 27కు ఇంకో 5,000 అడిగితే, మనకు పడేదే 29, ఎలా ఇస్తాం అని పంపేస్తారు. ఆ 5 రూపాయలు 30,000 పుస్తకాలు ఇప్పటికే మోస్తున్నాయి. కొత్త పుస్తకాలకు అద్దె పెరగదు. 27 ధరకు కమీషన్ 1.35, చర ఖర్చు 23.85, మిగులు 3.15. ఖాళీగా ఉన్న యంత్రం మీద 15,750 రూపాయలు అదనంగా వస్తాయి. షరతులు మాత్రం గట్టివి. సామర్థ్యం నిజంగా ఖాళీగా ఉండాలి, పాత కొనుగోలుదారులు అదే ధర అడిగే పరిస్థితి రాకూడదు, ఈ ధర రేపటి మామూలు ధర కాకూడదు. ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా పై పేరాలోని 32,787 దారిలోనే పడతాం. స్థిర ఖర్చును పుస్తకానికి పంచిన అంకెను అందుకే పట్టికలో అసలు రాయకపోవడం మేలు. అది ప్రతి వరుసలోనూ మారే సంఖ్య.

40,000 దాటితే

స్థిర ఖర్చు ఎప్పటికీ స్థిరంగా ఉండదు, ఒక హద్దు దాకానే. రెండో షిఫ్టు పెడితే ఇంకో సూపర్‌వైజరు, ఇంకో ఆపరేటరు, కాపలా, కలిపి 40,000 పెరిగాయనుకుందాం. 40,000 పుస్తకాల దగ్గర లాభం 90,000. 42,000 దగ్గర మిగులు 2,52,000, స్థిర ఖర్చు 1,90,000, లాభం 62,000. ఎక్కువ అమ్మి తక్కువ సంపాదించినట్టు. మళ్ళీ 90,000కు చేరాలంటే 46,667 పుస్తకాలు అమ్మాలి. కాబట్టి చేతిలో 43,000 ఆర్డర్లే ఉంటే రెండో షిఫ్టు కంటే కొన్ని రోజులు ఓవర్‌టైం చేయించడమో, కొంత పని బయట ఇవ్వడమో లాభసాటి కావచ్చు. ఆ అదనపు 3,000 పుస్తకాలకు పెరిగే కూలిని చర ఖర్చులో వేసి, మిగులు ఇంకా ఉందా అని చూడాలి. పట్టికలో `D` కాలమ్‌ను ఒకే అంకెతో కిందిదాకా లాగేస్తే ఈ మెట్టు కనపడదు. 40,000 దాటిన వరుసల్లో కొత్త స్థిర ఖర్చు వెయ్యాలి.

సున్నా లాభం దగ్గర చేతిలో డబ్బు ఉంటుందా

25,000 దగ్గర లాభం సున్నా అంటే నగదు లోటు కూడా సున్నా అని కాదు. స్థిర ఖర్చులోని తరుగుదల 15,000 ఆ నెల ఎవరికీ చెల్లించేది కాదు. అప్పు అసలు వాయిదా, నెలకు 21,000 అనుకుంటే, చెల్లించాలి కానీ ఖర్చుల పద్దులో ఉండదు. తరుగుదల తీసేసి అసలు వాయిదా కలిపితే 1,56,000. ఆరుతో భాగిస్తే 26,000 పుస్తకాలు. 25,000 మాత్రమే అమ్మే యూనిట్ ఖాతా పుస్తకాల్లో నష్టం లేకుండానే నెలకు 6,000 చొప్పున నగదు కోల్పోతుంది. ఈ రెండో బ్రేక్ ఈవెన్‌ను పట్టిక కింద ఇంకో వరుసగా రాసుకోవాలి.

ఇంకో సంగతి, పట్టికలోని పుస్తకాలు అమ్ముడైనవి. తయారై గోడౌన్లో ఉన్నవి కాదు. నోటు పుస్తకాలు బడులు తెరిచే ముందు రెండు మూడు నెలలే గట్టిగా అమ్ముడవుతాయి. ఇలాంటి సరుకుకు ఒక్క నెల పట్టిక చూస్తే చాలా నెలలు భయపెడుతుంది, కొన్ని నెలలు మురిపిస్తుంది. ఏడాది స్థిర ఖర్చు 18,00,000 తీసుకుని 6తో భాగించి, 3,00,000 పుస్తకాలను ఏడాది హద్దుగా పెట్టుకోవాలి. ప్రతి నెలా అప్పటిదాకా అమ్మినవి ఎన్నో దాని పక్కన రాసుకోవాలి. పట్టికలో నెలనెలా మార్చాల్సినవి ఎక్కువేం లేవు: కాగితం కొన్న తాజా రేటు, ఆ నెల తూకంలో తేలిన వేస్టు శాతం, తగ్గింపులు పోగా నిజంగా చేతికొచ్చిన సగటు ధర. ఈ మూడింటితో `B1`, `B2` మళ్ళీ లెక్కవేసి పెడితే మిగతా వరుసలు వాటంతటవే సర్దుకుంటాయి.